తెల్లసొన మామయ్యగారికి, మరి పచ్చసొన ఎవరికి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మామయ్యగారికి 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. షుగర్ లేదు. క్రియాటినిన్ 2.4, ఫాస్ఫరస్ 5.1 ఉన్నాయి. డయాలసిస్ మొదలు కాలేదు. గుడ్డు తింటే కిడ్నీలు పూర్తిగా పాడవుతాయని ఎవరో చెప్పడంతో మూడు నెలలుగా మానేశారు, బాగా చిక్కిపోయారు. తెల్లసొన పెట్టవచ్చా? మిగిలిన పచ్చసొనలు అత్తయ్యగారికి ఇవ్వవచ్చా? ఆవిడకు ఫ్యాటీ లివర్ ఉంది.
– ఒక గృహిణి

జవాబు: పెట్టండమ్మా. రోజుకు రెండు గుడ్ల తెల్లసొన ఆయనకు సరిపోతుంది. గుడ్డు మానేయడం కంటే ఆయన చిక్కిపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకు మాంసకృత్తులు తగ్గించమంటాం గానీ మానేయమనం. సాధారణంగా కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల వరకు ఇస్తాం. మీ మామయ్యగారికి ఆ లెక్కన రోజుకు 36 నుంచి 48 గ్రాములు కావాలి. రోజంతా కలిపి పావు కిలో బియ్యం వండుకుని తింటే అందులో సుమారు 18 గ్రాములు వస్తాయి. చిన్న గిన్నెడు పప్పులో ఆరేడు, ఒక గ్లాసు పాలలో అయిదు, కూరగాయల్లో మూడు వేసుకోండి. అంతా కలిపినా 33 దగ్గరే ఆగిపోతుంది. రెండు తెల్లసొనల్లో ఉండే ఏడు గ్రాములూ చేరితే 40 అవుతుంది. పైగా అన్నంలో కన్నా గుడ్డులోని మాంసకృత్తులను ఒళ్లు బాగా వాడుకుంటుంది. చేపలో, చికెన్‌లో కూడా మాంసకృత్తులు ఎక్కువే కాబట్టి అవి వండిన రోజున గుడ్డు ఆపేయండి.

పచ్చసొన వద్దనడానికి కారణం ఆయన ఫాస్ఫరస్. మామూలుగా అది 4.5 దాటకూడదు. గుడ్డులోని ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది, తెల్లసొనలో ఉన్నది నామమాత్రం. నీరసించిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే ఒంటి దురద మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు బలహీనపడతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. రక్తపరీక్షలో ఫాస్ఫరస్ అదుపులో ఉన్న వారికైతే రోజుకో పూర్తి గుడ్డు తినవచ్చనే చెబుతాను. మరో మాట, కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ మాంసపు పదార్థాల్లో కలిపే ఫాస్ఫేట్ పచ్చసొనలోని దానికన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. అవి తాగుతూ, తింటూ పచ్చసొన ఒక్కటే పక్కన పెడితే ఫలితం ఉండదు.

గుడ్లను పది పన్నెండు నిమిషాలు ఉడికించి, చల్లారాక నిలువుగా రెండు ముక్కలు చేయండి. పచ్చసొన చెంచాతో తీస్తే గుండ్రంగా ఊడి వస్తుంది. తెల్లసొనపై ఉప్పు చల్లవద్దు, మిరియాల పొడి చాలు. పచ్చి తెల్లసొన తాగించవద్దు. ఎండుచేపల పులుసు పెట్టే అలవాటు మీ ప్రాంతంలో ఉంది కదా, దాని ఉప్పు కిడ్నీకి గుడ్డు కన్నా ఎక్కువ బరువు.

ఇక అత్తయ్యగారి సంగతి. కాలేయంలో కొవ్వు చేరడానికి పచ్చసొనే కారణమనుకోవడం సరికాదు. ఎక్కువ అన్నం, చక్కెర, నూనె, నడుం చుట్టూ పెరిగిన బరువు అసలు కారణాలు. ఉన్న బరువులో నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గితే కాలేయం చాలావరకు తేరుకుంటుంది. ఆవిడకు రోజుకో పూర్తి గుడ్డు సాధారణంగా సరిపోతుంది. షుగర్ ఉన్నా, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నా పచ్చసొనను వారానికి మూడు నాలుగుకు కుదించమంటాం. ఒక్కో పచ్చసొనలో దాదాపు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. మామయ్యగారి పళ్లెంలోంచి మిగిలిన రెండూ ప్రతిరోజూ ఆవిడకు పెట్టడం మాత్రం వద్దు. ఇంట్లో ఎదిగే పిల్లలుంటే వాళ్ల అన్నంలో మెదిపి కలపండి.

నెల తర్వాత మామయ్యగారి బరువు, అల్బుమిన్, ఫాస్ఫరస్ చూపించండి. కాళ్లకు వాపు ఉంటే తూకం నమ్మవద్దు, నీటి బరువు కండ తగ్గడాన్ని కప్పేస్తుంది. చొక్కా భుజాల దగ్గర వదులైందేమో, చేతి కండ సన్నబడిందేమో చూడండి. రేపు డయాలసిస్ మొదలైతే ఈ లెక్క తిరగబడుతుంది. డయాలసిస్‌లో కొంత మాంసకృత్తు బయటికి పోతుంది కాబట్టి అప్పుడు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే ఆయనకు రోజుకు 60 నుంచి 72 గ్రాములు కావాలి. అప్పుడు మూడు నాలుగు తెల్లసొనలు తినమని మేమే చెబుతాం. పాత పథ్యమే కొనసాగిస్తూ ఎముకలు తేలి వచ్చే వారిని డయాలసిస్ గదిలో తరచూ చూస్తుంటాను.