శుక్రవారం చెక్కు, సోమవారం లెక్క

అబ్బాయ్,

నువ్వు ఫోటో తీసి పంపిన పుస్తకం చూశాను. అమ్మకాలు బాగానే ఉన్నాయి. అయినా నూనె ఏజెన్సీ వాళ్ల చెక్కు రోజున ఖాతాలో డబ్బు లేక మీ నాన్న దగ్గరికి పరుగెత్తావట. పాతికేళ్లు కిరాణా కొట్టు నడిపినవాణ్ణి, ఆ పరుగు నాకు కొత్త కాదు. నీ లెక్కలో తప్పు లేదు. కాకపోతే నువ్వు నెల చివర్లో వేసుకుంటున్నావు. వారంలో ఏ రోజు ఎంత వస్తుందో, ఎంత పోతుందో సోమవారం పొద్దున్నే ముందుగా వేసుకోవాల్సిన లెక్క అది.

ముందు ప్రారంభ నిల్వ సంగతి. బ్యాంకు యాప్‌లో కనిపించే అంకె అంతా నీది అనుకోకు. నువ్వు చెప్పిన ప్రకారం బ్యాంకులో 31,500, గల్లా పెట్టెలో 6,500, మొత్తం 38,000. కానీ శనివారం ఇచ్చిన 9,000 చెక్కు ఇంకా పాస్ కాలేదు కదా? అది తీసెయ్. నీ వారం 29,000తో మొదలవుతుంది.

తర్వాత వచ్చే డబ్బు. ఇక్కడే అందరం మనల్ని మనం మోసం చేసుకుంటాం. అరువు మీద ఇచ్చిన సరుకు అమ్మకమే గానీ, రాబడి కాదు. చేతికొచ్చే నగదు, క్యూఆర్ మీద పడేది మాత్రమే రాయి. గత నాలుగు సోమవారాలు చూసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన రోజుకు దగ్గరగా అంకె వెయ్యి. సగటు వేస్తే రెండు వారాలకోసారి దెబ్బ తింటావు. నీ పుస్తకం చూస్తే మామూలు రోజు 8,000, శనివారం 11,000, ఆదివారం 12,000 వెయ్యొచ్చు. క్యూఆర్ డబ్బు బ్యాంకులో ఆ రోజే పడుతోందా, మర్నాడు పడుతోందా యాప్‌లో చూసుకో. మర్నాడైతే ఆ భాగాన్ని మర్నాటి గడిలోనే రాయాలి. ఇక అరువు పుస్తకం. శనివారం ఇస్తామని చెప్పినవాళ్లవి కలిపితే 10,000 అన్నావు. 6,000 వెయ్యి. మిగతా 4,000 వస్తే సంతోషం.

పోయే డబ్బు నీకు కంఠతా వచ్చు, రోజు పక్కన పెట్టడమే తక్కువ. పాలకు రోజూ 1,200. సోమవారం ఇంటి ఖర్చుకు 4,000 (ఇది రాయకపోతే గల్లాలోంచి ఐదొందలు ఐదొందలుగా పోతుంది, ఎంత పోయిందో నీకూ తెలీదు). మంగళవారం కంపెనీ సరుకు సేల్స్‌మ్యాన్‌కు 14,000, బుధవారం బియ్యానికి 22,000. గురువారం షాపు అద్దె 8,000, చీటీ 5,000. శుక్రవారం నూనె ఏజెన్సీ చెక్కు 18,000. శనివారం కుర్రాడి జీతం 3,000.

వారం మొత్తం కూడితే వచ్చేది 69,000, పోయేది 82,400. ప్రారంభ నిల్వ 29,000 కలుపుకుంటే ఆదివారం రాత్రికి 15,600 మిగులుతుంది. పర్వాలేదనిపిస్తుంది కదా? ఇప్పుడు రోజు రోజుకీ దింపి చూడు. సోమవారం రాత్రికి 31,800. మంగళవారం 24,600. బుధవారం 9,400. గురువారం 3,200. శుక్రవారం 8,000 లోటు! శని, ఆదివారాల అమ్మకం వచ్చి ఆ గుంతను పూడుస్తుంది గానీ, చెక్కు శుక్రవారమే బ్యాంకుకు వెళ్తుంది. ఇదివరకు చెక్కు ఇస్తే ఒకటి రెండు రోజులు ఊపిరి ఉండేది. 2025 అక్టోబర్ నుంచి బ్యాంకులు చెక్కుల్ని ఆ రోజే క్లియర్ చేస్తున్నాయి. ఆ వెసులుబాటు పోయింది.

నాకూ ఒకసారి చెక్కు తిరిగొచ్చింది. అప్పుడు అరువు పుస్తకంలో నాకు రావాల్సింది అరవై వేలకు పైనే ఉంది. బ్యాంకు వేసిన చార్జీ పెద్ద బాధ కాదు. ఆ ఏజెన్సీ ఆరు నెలలపాటు నగదు చేతిలో పెడితేనే డబ్బాలు దించింది, బాధంతా అదే.

అందుకే ఒక ఎర్రగీత పెట్టుకో. నిల్వ ఆ గీత కిందికి దిగిందంటే హెచ్చరిక. నీ కొట్టుకు 10,000 సరిపోతుంది. మూడు రోజుల పాలకు 3,600, కుర్రాడి జీతం 3,000, చిల్లరకు 2,000, ఫ్రిజ్ చెడితే రిపేరుకని 1,400. నేను పొడుగు పుస్తకంలో ఎర్ర పెన్నుతో గీసేవాణ్ణి. నువ్వు ఫోన్‌లో షీట్ వేసుకో. ఒక్కో రోజుకు ఒక్కో నిలువు వరుస, రెండో అడ్డు వరుసలో ప్రారంభ నిల్వ, మూడులో రాబడి, నాలుగులో చెల్లింపులు. అయిదు, ఆరు వరుసల్లో సోమవారం కింద ఇవి పెట్టు:

```
B5: =B2+B3-B4
B6: =IF(B5<10000,"తక్కువ","")
```

మంగళవారం ప్రారంభ నిల్వ గడి C2లో `=B5` అని పెడితే ముందురోజు ముగింపు దానంతటదే వస్తుంది. మిగతా రోజులకు ఇవే లాగు.

ఈ వారం బుధవారం దగ్గరే "తక్కువ" అని పడుతుంది. శుక్రవారం గండం సోమవారమే కనిపించిందంటే నీ చేతిలో నాలుగు రోజులు ఉన్నట్టు. ఏం కదపగలవో చూడు. పాలు, జీతం, అద్దె కదలవు. బియ్యం కదులుతుంది: ఈ వారం సగం లోడు, 11,000కే దించుకో. తక్కువ బస్తాలకు బియ్యం వ్యాపారి ధర, ఆటో బాడుగ పెంచుతాడేమో ముందే అడుగు. అలా చేసినా శుక్రవారం రాత్రికి 3,000 మాత్రమే ఉంటుంది, గీత కిందే. కాబట్టి నూనె ఏజెన్సీకి సోమవారమే ఫోన్ చేసి, "అన్నా, చెక్కు వచ్చే సోమవారం వేసుకోండి" అని అడుగు. నాలుగు రోజుల ముందు అడిగితే వాళ్లు వ్యాపారం మాట్లాడతారు. చెక్కు రోజున అడిగితే అనుమానిస్తారు. రెండూ కదిపితే వారంలో అన్నిటికన్నా తక్కువ నిల్వ గురువారం 14,200. గీతకు పైనే.

ఇక్కడ బోల్తా పడే ప్రమాదం ఉంది. అలా చేస్తే ఆదివారం రాత్రి షీట్‌లో 44,600 కనిపిస్తుంది. దాన్ని చూసి కొత్త సరుకు ఆర్డర్ పెట్టకు. అందులో నూనెవాళ్లవి 18,000, బియ్యంవి 11,000 ఉన్నాయి. నీది మళ్లీ ఆ 15,600 మాత్రమే. కదిపిన చెల్లింపును ఫోన్ పెట్టేసిన వెంటనే వచ్చే వారం గడిలో రాసెయ్, లేకపోతే మరిచిపోతావు.

రోజూ కొట్టు కట్టేశాక అసలు నిల్వ ఎంతో పక్కన రాసుకో. వేసిన అంకెకూ వచ్చిన అంకెకూ వెయ్యి దాకా తేడా ఉంటే వదిలెయ్. అంతకు మించితే కారణం వెతుకు: అమ్మకం తగ్గిందా, అరువు పెరిగిందా, ఇంట్లో ఎవరైనా గల్లాలోంచి తీశారా? వరసగా మూడు మంగళవారాలు 8,000 రాకపోతే అంకెనే తగ్గించు. రెండు వారాలకు మించి ముందుకు వెయ్యకు, మన కొట్లకు అంతకుమించి తెలీదు. సంక్రాంతి ముందు మాత్రం నాలుగు వారాలు వెయ్యి. బెల్లం, నువ్వులు, నూనె డబ్బాలకు డబ్బు ముందు పోతుంది, అమ్మకం పండగ వారంలో గానీ రాదు.

చీటీ సంగతి ఫోన్‌లో మాట్లాడదాం. ఆ 5,000 గురువారం కాకుండా ఆదివారం కట్టనిస్తుందేమో చీటీ నడిపే ఆవిణ్ణి అడిగి ఉంచు.

మీ పెదనాన్న