స్టార్ పడింది, మెయిల్ మాత్రం మాయం

*మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి రోజూ బోలెడు మెయిళ్లు. అన్నీ ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా ఒక లేబుల్ కిందికి పోయేలా ఫిల్టర్ పెట్టాను. నీళ్ల ట్యాంకర్ నోటీసులు మాత్రం కళ్లముందే ఉండాలని, సబ్జెక్టులో water గానీ tanker గానీ ఉంటే స్టార్ వేసి, ముఖ్యమైనదిగా గుర్తించమని ఇంకో ఫిల్టర్ పెట్టాను. స్టార్ పడుతోంది, మెయిల్ మాత్రం ఇన్‌బాక్స్‌లో ఉండదు. ఎప్పుడైనా ఒకసారి ఉంటుంది! ఆఫీసు మెయిల్‌లో ఇలాంటి జతే చక్కగా పనిచేస్తోంది. అసలు రెండిట్లో ఏది గెలుస్తుంది?*
— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

స్టార్ పడిందన్నారు చూడండి, గుట్టంతా అక్కడే ఉంది. మీ ఇంటి మెయిల్ జీమెయిల్ లాంటి లేబుళ్ల రకం. ఆ రకంలో ఫిల్టర్లకు ముందూ వెనకా ఉండదు. మెయిల్ రాగానే ఏయే ఫిల్టర్లకు సరిపోతుందో చూసి, వాటన్నిటి పనులనూ పోగేసి ఒకేసారి చేసేస్తుంది. మొదటిది 'ఇన్‌బాక్స్ వద్దు' అంది, రెండోది 'స్టార్ వెయ్యి' అంది. రెండు మాటలూ నెగ్గాయి. 'ఇన్‌బాక్స్‌లోనే ఉంచు' అని మాత్రం మీ రెండో ఫిల్టర్ అనలేదు. అందామన్నా ఆ పనుల జాబితాలో అలాంటి గడి లేదు. ఇన్‌బాక్స్ నుంచి తీసేయడానికి గడి ఇచ్చి, నిలబెట్టడానికి ఇవ్వకపోతే, తీసేసేవాడిదే ఎప్పుడూ పైచేయి. ముఖ్యమైనదిగా గుర్తించినా మెయిల్ వెనక్కి రాదు. అది పసుపు గుర్తు మాత్రమే.

ఇదే ప్రశ్న వేరే వేరే రూపాల్లో వస్తూనే ఉంది. అందరి ఊహా ఒకటే: అందరికీ వర్తించే రూల్ కన్నా ఒకదానికే ప్రత్యేకంగా రాసిన రూల్ బలమైనదని. మనుషుల మధ్య అది న్యాయమే. మెయిల్ ఫిల్టర్‌కి మాత్రం ఏది సాధారణం, ఏది ప్రత్యేకం అన్న తేడా తెలియదు.

మీ ఆఫీసు మెయిల్ రెండో రకం, అవుట్‌లుక్ లాంటి ఫోల్డర్ల రకం. అక్కడ రూల్స్ పై నుంచి కిందికి వరసగా నడుస్తాయి. 'ఇక మిగతా రూల్స్ చూడొద్దు' అనే టిక్కు ఒకటి ఉంటుంది. నీళ్ల రూల్ పైన ఉండి, దానికి ఆ టిక్కు ఉంటే, మెయిల్ అక్కడే ఆగిపోతుంది, కింది రూల్ దాన్ని ముట్టుకోదు. మీకు చక్కగా పనిచేస్తోందంటే రెండూ కుదిరాయన్నమాట, తెలిసి చేసినా తెలియక చేసినా. ఆ టిక్కు తీసి చూడండి, అక్కడ కూడా ఫ్లాగ్ పడ్డ నోటీసు ఫోల్డర్‌లోకి జారుకుంటుంది.

ఇంటి మెయిల్‌కి వరసా లేదు, టిక్కూ లేదు కాబట్టి మినహాయింపుని రెండో ఫిల్టర్‌లో పెట్టి లాభం లేదు. మొదటి ఫిల్టర్‌లోనే పెట్టాలి. దాని షరతు ఇలా మార్చండి, చిరునామా దగ్గర మీ అసోసియేషన్‌ది రాసుకోండి:

```
from:notices@example.org -subject:water -subject:tanker
```

ఆ మైనస్ గుర్తు వల్ల నీళ్ల నోటీసుకి మొదటి ఫిల్టర్ వర్తించదు. తీసేసేవాడు లేడు కాబట్టి మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. రెండో ఫిల్టర్ దాని పని అది చేసుకుంటుంది. కాకపోతే నీళ్ల నోటీసుకి ఇప్పుడు అసోసియేషన్ లేబుల్ కూడా పడదు. అది కావాలంటే ఆ పనిని రెండో ఫిల్టర్‌లో చేర్చండి.

subject: అని ఊరికే రాయలేదు. అది లేకపోతే మెయిల్ మొత్తం వెతుకుతుంది. అసోసియేషన్ వాళ్లు ప్రతి మెయిల్ అడుగున 'సేవ్ వాటర్' అని ఇంగ్లిష్‌లో ఒక నినాదం అతికించారనుకోండి, జిమ్ టైమింగ్స్ కూడా నీళ్ల నోటీసే అయిపోతుంది. ఇక సెక్రటరీగారు కన్నడంలో 'నీరు' అని సబ్జెక్టు పెట్టిన రోజు ఈ ఫిల్టర్ పట్టదు. ఆ పదాన్ని కన్నడ లిపిలోనే షరతులో చేర్చుకోవాలి.

సేవ్ చేసే ముందు రెండు ఫిల్టర్ల షరతులనూ కలిపి మెయిల్ వెతికే గడిలో పెట్టండి. వచ్చిన ప్రతి మెయిలూ రెండింటికీ చిక్కేదే. మైనస్‌లు చేర్చాక మళ్లీ వెతికితే ఒక్కటీ రాకూడదు.

అప్పుడప్పుడూ ఇన్‌బాక్స్‌లో కనిపించడమా? అది సంభాషణల గుంపు చేసే పని. నోటీసు లోపలికి పోయాక ఏ మూడో అంతస్తు వారో 'మా బ్లాక్‌కి ఎప్పుడు వస్తుంది?' అని అందరికీ రిప్లై కొడతారు. పంపింది అసోసియేషన్ కాదు కాబట్టి మొదటి ఫిల్టర్ ఆ రిప్లైని పట్టదు, అది ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. వస్తూ పాత నోటీసుని కూడా వెంటబెట్టుకొస్తుంది. మీరేమో ఫిల్టర్ బాగుపడిందనుకుంటారు. గొడవపడే పొరుగువారి పుణ్యం అది.

సిల్క్ బోర్డు దగ్గర సిగ్నల్ పచ్చగా ఉన్నా పోలీసాయన చెయ్యి అడ్డం పెడితే ఆగుతాం. ఎవరు ఆపారో కనిపిస్తుంది కాబట్టి సర్దుకుంటాం. మెయిల్‌లో అదీ కనిపించదు. ఈ మెయిల్‌ని ఫలానా రూల్ ఇక్కడికి తరలించింది అని ఒక్క లైన్ చూపించడం అంత కష్టమా? కొత్త ఫిల్టర్ రాస్తుంటే 'దీన్ని మీ పాత ఫిల్టర్ ఫలానా చోట వమ్ము చేస్తుంది' అని చెప్పొచ్చుగా? అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ బటన్ల మూలలు గుండ్రమవుతాయి, ఈ లైన్ మాత్రం రాదు.

నాకు భయం పుట్టించేది కూడా ఈ కనిపించకపోవడమే. పాస్‌వర్డ్ దొంగిలించి మెయిల్‌లోకి దూరినవాడు చాలాసార్లు చేసే మొదటి పని ఒక రూల్ రాయడం. దాన్ని జాబితాలో అన్నిటికన్నా పైన పెట్టి, 'ఇక మిగతావి చూడొద్దు' టిక్కు కొడతాడు. payment, invoice, password లాంటి పదాలున్న మెయిల్‌ని చదివినట్టు గుర్తించి, ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి తోసేస్తాడు, లేదా డిలీట్ చేయిస్తాడు. పేరు అడిగితే ఒక చుక్క పెట్టి ఊరుకుంటాడు, జాబితాలో కంటికి ఆనకుండా. బ్యాంకు హెచ్చరికకు మీరు పెట్టుకున్న రూల్ చెక్కుచెదరకుండా కిందే ఉంటుంది, దానికి వంతు రాదు. లేబుళ్ల రకంలో వరస లేకపోయినా వాడికి అడ్డేమీ లేదు. అక్కడ వాడి ఫిల్టర్ మీ ఫిల్టర్‌తో కలిసిపోతుంది: మీది స్టార్ వేస్తుంది, వాడిది మాయం చేస్తుంది. మీ ఫిర్యాదులో ఉన్నదీ అదే లక్షణం. మీ విషయంలో దొంగ మీరే కాబట్టి సరిపోయింది.

నిన్నటిదాకా పనిచేసిన రూల్, మీరు ముట్టుకోకుండానే ఇవాళ మానేసిందంటే మొదట ఆ అనుమానం రావాలి. కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌లో కాకుండా, బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి సెట్టింగుల్లో రూల్స్ జాబితా మొత్తం చదవండి. పక్కనే ఉండే ఫార్వార్డింగ్ పేజీలో మీది కాని చిరునామా ఉందేమో చూడండి. అనుమానం నిజమైతే పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ తెంచి, ఆ రూల్‌ని చేత్తో తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన రూల్ పోదు. దొంగ బయటికి వెళ్లినా, వాడు పెట్టిన ఫార్వార్డింగ్ మీ మెయిల్ పంపుతూనే ఉంటుంది.