టెక్ సందేహాలు: పన్నెండు పల్సులకే తిరిగొచ్చే ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్

*సార్, డిప్లొమా ప్రాజెక్టు కోసం కోఠిలో 74HC164, 74HC86 కొని 8 బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ కట్టాను. 8వ, 4వ బిట్లను ఎక్స్‌ఆర్‌ చేసి ఇన్‌పుట్‌కి ఇచ్చాను. 255 ప్యాటర్న్‌లు రావాలి కదా, 12 పల్సులకే మొదటికొస్తోంది. ఒక్కోసారి ఆన్ చేయగానే ఎల్‌ఈడీలన్నీ ఆరిపోయి అలాగే ఉండిపోతున్నాయి. ఆడర్‌ను టెస్ట్ చేయడానికి ఇది పనికొస్తుందా?*
*– ఈసీఈ విద్యార్థి, మిర్యాలగూడ*

చిప్‌లు బాగానే ఉన్నాయి, ట్యాపులు మార్చాలి. మీ కొత్త బిట్ నాలుగు, ఎనిమిది పల్సుల కిందటి బిట్లతోనే తయారవుతోంది. దాంతో వరుస మొత్తం ఒకదానితో ఒకటి కలవని నాలుగు పాయలుగా విడిపోయింది. ఒక్కో పాయ మూడు అడుగులకే మొదటికొస్తుంది కాబట్టి నాలుగు మూళ్లు పన్నెండు. 8 బిట్లకు ఏ రెండు ట్యాపులు పట్టుకున్నా 255 రాదు. 8, 6, 5, 4 బిట్లు నాలుగూ కావాలి.

ఇక ఆరిపోవడం. అన్నీ సున్నాలైతే ఎక్స్‌ఆర్ కూడా సున్నానే ఇస్తుంది, అందులోంచి బయటపడే దారి లేదు. దీనికి మందు మీ 86లోనే ఉంది. నాలుగు ట్యాపులు కలపడానికి మూడు గేట్లు చాలు. మిగిలిన నాలుగో గేటుకు ఒక కాలు 5 వోల్టులకు కట్టేస్తే అది ఇన్వర్టర్ అవుతుంది.

164లో 13, 11 పిన్నులను మొదటి గేటుకు, 10, 6 పిన్నులను రెండో గేటుకు ఇవ్వండి. ఆ రెంటి అవుట్‌పుట్‌లను మూడో గేటులో కలిపి, ఇన్వర్టర్ గుండా 164 పిన్ 1కి తెండి. పిన్ 2 నేరుగా 5 వోల్టులకు. రీసెట్ పిన్ 9 నుంచి 10కె రెసిస్టర్ 5 వోల్టులకు, పుష్‌బటన్ గ్రౌండ్‌కు. ఇప్పుడు ఇరుక్కునేది అన్నీ ఒకట్లైనప్పుడే. ఆన్ చేయగానే బటన్ నొక్కితే అన్నీ సున్నాలై అక్కడి నుంచి నడక మొదలవుతుంది.

క్లాక్‌ను 555తో ఇవ్వండి. బటన్‌తో ఇస్తే ఒక్క నొక్కుకు రెండు మూడు పల్సులు పోయి లెక్క తప్పుతుంది. ఎల్‌ఈడీలకు 1కె రెసిస్టర్లు పెట్టండి. మరీ తక్కువ పెడితే అవుట్‌పుట్ వోల్టేజీ కుంగి, ఎల్‌ఈడీ వెలుగుతున్నా 86 దాన్ని సున్నాగా చదవొచ్చు.

రీసెట్ తర్వాత లోపలికి వెళ్లే బిట్లు వరసగా 1, 1, 1, 1, 0, 1, 0, 0. అయిదో పల్సుకు మొదటి ఎల్‌ఈడీ ఆరకపోతే ట్యాప్ వైర్లు చూసుకోండి. సెకనుకో పల్సు ఇస్తే మళ్లీ అన్నీ ఒకేసారి ఆరేది 4 నిమిషాల 15 సెకన్లకు. అంతకు ముందే ఆరితే ఎక్కడో వైర్ తప్పినట్టే.

4 బిట్ల ఆడర్‌కు క్యారీ ఇన్‌పుట్‌ను గ్రౌండ్ చేస్తే మిగిలేవి సరిగ్గా ఎనిమిది ఇన్‌పుట్‌లు, కాబట్టి నిక్షేపంగా పనికొస్తుంది. 256 కలయికల్లో ఇది ఇవ్వనిది అన్నీ ఒకట్లు, అంటే 15+15 ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ విడిగా చేత్తో పెట్టి, క్యారీతో కలిపి 30 వస్తోందో లేదో చూడండి. క్యారీ ఇన్‌పుట్ ఒకటిగా ఉన్నప్పటి లెక్కలు కూడా కావాలంటే దాన్ని 5 వోల్టులకు మార్చి 255 పల్సులూ మరోసారి నడపాలి.