లోభి పిసినారేనా?

సందేహం: నిఘంటువులో ‘లోభి’ అంటే పిసినారి అని ఉంది. గీతలో కామ క్రోధాలతో పాటు లోభాన్నీ నరకద్వారం అన్నారు. డబ్బు ఖర్చుపెట్టకపోవడం అంత పాపమా? పైగా లోభానికి విరుగుడు సంతృప్తి అంటారు. పిసినారి ఉన్నదాంతో సరిపెట్టుకునేవాడే కదా?

సమాధానం: నిఘంటువు తప్పు కాదు, గీత మాటా తప్పు కాదు. సంస్కృతంలో ‘లుభ్’ ధాతువుకు ఆశపడటం అని అర్థం. గీత 16వ అధ్యాయంలోని లోభం ఇదే, ఇంకా ఇంకా కావాలనే దురాశ. తెలుగులో ఆ పాత అర్థం ‘ప్రలోభం’లో చెక్కుచెదరకుండా ఉంది. ‘ఓటర్లను ప్రలోభపెట్టారు’ అంటే ఆశ చూపారనే కదా! ‘లోభి’ మాత్రం చెయ్యి విదల్చనివాడి వైపు జరిగిపోయాడు. లోభిని చంపడానికి మందు అక్కర్లేదు, పైకం అడిగితే చాలు అన్న వేమన మాటలో ఉన్నది అచ్చంగా పిసినారే.

ఈ రెండు గుణాలూ ఒకటేనా అన్నది పెద్ద ప్రశ్న. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రెంటినీ ఒకే దోషం కింద పెట్టాడు: ఇవ్వడంలో తక్కువ, పుచ్చుకోవడంలో ఎక్కువ. అయితే ఈ రెండూ అందరిలో కలిసే ఉండవని కూడా చెప్పాడు. కొందరు ఇవ్వరు గానీ ఒకరి సొమ్ము ఆశించరు. మనసు తీరుతెన్నులను విడదీసి చెప్పే పాళీ బౌద్ధ శాస్త్రం అభిధర్మం ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ పిసినారితనానికి ‘మచ్ఛరియ’ అని వేరే పేరుంది. దాన్ని లోభం పక్కన కాక ద్వేషం మూలంగా పుట్టే చిత్తాల్లో చేర్చారు. మొదట వింతగా అనిపిస్తుంది గానీ, అప్పు అడగడానికి వచ్చినవాణ్ని చూడగానే పిసినారి మొహం ఎలా మారుతుందో గుర్తు తెచ్చుకోండి. అందులో కనిపించేది ఆశ కాదు, చిరాకు. తన సొమ్ము ఇంకొకరితో పంచుకోవాల్సి రావడాన్ని అతని మనసు ఓర్చుకోలేదు.

ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకోండి. అన్న తన జీతంతో హాయిగా బతుకుతాడు, ఒకరి ఆస్తి మీద కన్ను వేయడు, కానీ తోడబుట్టినవాడి వైద్యానికి కూడా రూపాయి తీయడు. తమ్ముడు అడిగినవాళ్లకల్లా ఇస్తాడు, పక్కవాడి స్థలం మాత్రం కలిపేసుకుంటాడు. తెలుగులో లోభి అన్న. గీత లెక్కలో లోభం తమ్ముడిది. ఇద్దరిలో ఎవరి తప్పూ డబ్బుండటం కాదు. అర్థాన్ని పురుషార్థాల్లో ఒకటిగా లెక్కపెట్టిన సంప్రదాయం సంపదను దోషమనదు.

ఇక మీ రెండో ప్రశ్న చాలా సరైనది. యోగసూత్రాల్లో నియమంగా చెప్పిన ‘సంతోషం’ అంటే మనం వాడుకలో అనే ఆనందం కాదు. చేతిలో ఉన్న సాధనాలకు మించి పుచ్చుకోవాలనే కోరిక లేకపోవడం అని ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం వివరించింది. ఆ నిర్వచనమంతా పుచ్చుకోవడం గురించే, ఇవ్వడం ఊసే లేదు. కాబట్టి సంతృప్తి తమ్ముడి జబ్బుకు మందు. అన్నకు ఇప్పటికే అది ఉంది, అయినా గుణం మారలేదు. అతనికి కావలసింది దానం అలవాటు.

గీతకు తాత్పర్యం రాసేటప్పుడు లోభాన్ని ‘దురాశ’ అనండి. ‘పిసినారితనం’ అంటే అర్థం పక్కకు పోతుంది. మామూలు రాతలో పిసినారిని లోభి అనడానికి ఏ అభ్యంతరమూ లేదు.