గేటు మారితే డ్రైవరుకు ఏం చెప్పాలి?

అమ్మాయీ,

మొన్న రాత్రి ఢిల్లీ విమానాశ్రయంలో గంటన్నర నిలబడ్డావని మీ పెద్దమ్మ చెప్పింది. తప్పంతా డ్రైవరు మీద వేశావట. నువ్వు అతనికి పంపిన సందేశం నాకూ పంపావు కదా, చూశాను. అందులో అతని తప్పేమీ కనిపించలేదు.

విమాన సంస్థ నుంచి ఇంగ్లీషులో వచ్చిన సందేశాన్ని ఉన్నదున్నట్టు అతనికి పంపావు. గేటు 21 బదులు 26, బయలుదేరడం 7:25కు, చేరడం 9:40కి, టెర్మినల్ 3. అది ప్రయాణికురాలికి రాసినది. గేటు 26 అంటే శంషాబాద్‌లో నువ్వు విమానం ఎక్కే ద్వారం. ఢిల్లీలో కారుతో నిలబడేవాడికి దానితో పనేముంది? అతనికి గేటు అంటే జనం బయటికి వచ్చే గేటు. పాపం, ముందు అనుకున్న టెర్మినల్ 1 దగ్గరే ఆగి 26వ గేటు ఎక్కడని అందరినీ అడిగాడట. ఎక్కే గేటు మారిన సంగతి డ్రైవరుకు ఎప్పుడూ రాయకు. మనకు శంషాబాద్‌లో ఉన్నది ఒకే టెర్మినల్, అందుకని టెర్మినల్ సంగతి నీకు చిన్నదిగా కనిపించి ఉంటుంది. ఢిల్లీలో 2, 3 పక్కపక్కనే ఉంటాయి కానీ 1 వేరే వైపు ఉంది. అక్కడికి వెళ్లే దారే వేరు. ముంబయిలోనూ అంతే, ఒకటి శాంతాక్రజ్ వైపు, రెండోది సహార్ వైపు.

ఇక వేళ. 9:40 అన్నది విమానం చేరే వేళ, నువ్వు బయటికి వచ్చే వేళ కాదు. ఢిల్లీలో చక్రాలు నేలను తాకాక కూడా విమానం చాలాసేపు నేల మీద నడుస్తూనే ఉంటుంది. తర్వాత మెట్లు, నడక, పెట్టెల కోసం ఎదురుచూపు. పెట్టె లోపల వేసి ఉంటే నేను 35 నిమిషాలు కలుపుతాను, చేతిసంచి మాత్రమే అయితే 20. అంటే నువ్వు చెప్పవలసిన వేళ 10:15. బయట కారును ఎక్కువసేపు నిలబెట్టనివ్వరు. ముందే వస్తే అతను పార్కింగులోకి పోవాలి, లేదా చుట్లు తిరగాలి.

నేనైతే ఇలా రాసేవాణ్ని. అతనికి హిందీలో పంపాలనుకో, నీ కోసం తెలుగులో చెబుతున్నాను:

"భయ్యా, టెర్మినల్ 1కి వెళ్లవద్దు. విమానం మారింది. ఈ రోజు, సోమవారం రాత్రి, టెర్మినల్ 3కి రండి. విదేశీ విమానాలు దిగే పెద్ద టెర్మినల్ అదే. నేను బయటికి వచ్చేది రాత్రి 10:15కు. అంతవరకు పార్కింగులో ఉండండి. దిగగానే ఫోన్ చేస్తాను, బయటికి వచ్చాక స్తంభం నంబరు చెబుతాను. నేను ఒక్కదాన్నే, రెండు పెట్టెలు. ఏ టెర్మినల్‌కు, ఎన్ని గంటలకు వస్తారో తిరిగి నాకు రాయండి."

పాత చోటికి వెళ్లవద్దన్న మాట ముందు ఉండాలి. కొత్తది మాత్రమే చెబితే పాతది అతని బుర్రలో అలాగే ఉంటుంది. "సరే" అని జవాబు వస్తే నమ్మకు. "టెర్మినల్ 3, 10:15" అని అతని చేత్తో వస్తేనే విషయం చేరినట్టు. ఫోన్లో చెబితే "టీ త్రీ" అని వదిలేయకుండా అంకెను హిందీలోనూ చెప్పు, రద్దీలో ఒకటికి మూడు వినిపిస్తుంది. అర్ధరాత్రి దాటే విమానమైతే తేదీ విడమరిచి రాయాలి. మంగళవారం 00:30 అని రాస్తే అతను మంగళవారం రాత్రి భోంచేసి బయలుదేరతాడు. అప్పటికి నువ్వు ఇల్లు చేరి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది.

ఇదంతా విమానం తలుపు వేయకముందే జరగాలి, ఆ తర్వాత రెండు గంటలకు పైగా నీ ఫోను మూగది. అతను అప్పటికే దారిలో ఉంటే రాయకు, ఫోన్ చెయ్యి. బండి నడుపుతూ సందేశం చదవడం ఎవరికీ మంచిది కాదు. ఎత్తకపోతే ఇంట్లో ఉన్నవాళ్లకు అప్పగించు, వాళ్లు అతను ఎత్తేదాకా చేస్తారు. చలికాలం పొగమంచులో మాత్రం వేళ ఇంకా మారుతూనే ఉంటుంది. అప్పుడు గంట ముందే అతన్ని ఇంటి నుంచి కదిలించకు, విమానం హైదరాబాద్‌లో లేచిందని ఇంట్లోవాళ్లు చూసి చెప్పాక బయలుదేరమను.

ఇంతకీ, ఆ రాత్రి పార్కింగు డబ్బులు అతనికి ఇచ్చావా? టెర్మినల్ 1 దగ్గర ఒకసారి, 3 దగ్గర ఒకసారి కట్టి ఉంటాడు. రెండు రసీదులూ అడిగి తీసుకో.

మీ పెదనాన్న