కొలాబ్ తీసేసింది, నా సగం వాటా సంగతేమిటి?

ప్రశ్న: మాది గుంటూరు. 2023 మార్చి నుంచి నేను, నా స్నేహితురాలు కలిసి పచ్చళ్ల రీల్స్ చేశాం. వంట, మాట నావి. షూటింగ్, ఎడిటింగ్ తనవి. తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నుంచి పెట్టి, అదే రీల్ నా ప్రొఫైల్‌లోనూ కనిపించేలా నన్ను కొలాబ్‌కి పిలిచేది. ‘వచ్చిన దాంట్లో సగం సగం’ అని వాట్సాప్‌లో పెట్టింది. ఆ పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేశాను, స్క్రీన్‌షాట్ జతచేశాను. మూడు ప్రకటనలకు సగం ఇచ్చింది, 2024 జనవరి నుంచి వచ్చిన తర్వాతి ఎనిమిదింటికి ఏమీ ఇవ్వలేదు. 2025 ఆగస్టులో నన్ను అన్ని రీల్స్ నుంచీ తీసేసింది. లక్షల వ్యూస్, నాకొచ్చిన కామెంట్లు అన్నీ నా ప్రొఫైల్‌లోంచి పోయాయి. చెల్లెల్లా చూసుకున్నాను, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. వ్యూస్‌లో సగం, కాపీరైట్‌లో సగం నావి కావా? ఆమె పాస్‌వర్డ్ నా దగ్గర ఇంకా ఉంది, లోపలికి వెళ్లి అన్నీ తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ పాస్‌వర్డ్ సంగతి. దాన్ని ముట్టుకోకండి. ఖాతా యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లినా, సమాచారం కాపీ చేసినా సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఒకప్పుడు ఆమే చెప్పిన పాస్‌వర్డే కదా అనే వాదన ఇక్కడ నిలవదు. మిమ్మల్ని తీసేసిన రోజే ఆ అనుమతి పోయింది. మీరు ఏ ఫోన్ నుంచి, ఎన్ని గంటలకు లాగిన్ అయ్యారో ఆమెకు కనిపిస్తుంది. ఇప్పుడు డబ్బు అడగాల్సిన మీరు, ఆ తర్వాత బెయిలు అడగాల్సి వస్తుంది.

ఇక వ్యూస్. కొలాబ్ పోస్టు రెండు ప్రొఫైళ్లలో కనిపించినా అది ఒకటే పోస్టు. వ్యూస్ ఒకటే లెక్క, లైకులు ఒకటే లెక్క, కామెంట్లు ఒకే చోట పడతాయి. ఆ పోస్టు మొదట పెట్టిన ఖాతాది. మిమ్మల్ని తీసేసే వీలు, పోస్టునే చెరిపేసే వీలు ఆ ఖాతాకు ఉన్నాయి, మీకున్నది తప్పుకునే వీలు మాత్రమే. కొలాబ్ ఆహ్వానాన్ని అంగీకరించడం ఆస్తి పంపకం కాదు. అది చూపించే పద్ధతి, అంతే. కామెంట్లు రాసినవాళ్లవి, మీ ఇద్దరివీ కావు. ‘అక్కా, మీ గోంగూర చేశాను’ అని మిమ్మల్ని పిలిచిన కామెంట్లు మాత్రం రీల్‌లో ఉన్నది మీరే అనడానికి సాక్ష్యంగా పనికొస్తాయి. బయటి నుంచి కనిపించేవాటిని ఈ రాత్రే స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి.

కాపీరైట్ మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం వీడియోకు కర్త నిర్మాత, అంటే ఆ పని చేయించడానికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. చిత్రీకరణ, ఎడిటింగ్, అప్‌లోడ్ అన్నీ ఆమెవే కాబట్టి ‘నిర్మాతను నేనే’ అని ఆమె తేలిగ్గా అనగలదు. సరుకులు మీరు కొన్నారని, ఏ రోజు ఏ పచ్చడో మీరే నిర్ణయించారని రుజువుంటే పోటీ పడవచ్చు గానీ, అది ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యం. ప్రదర్శకురాలిగా పేరు వేయమని అడిగే హక్కు మాత్రం సెక్షన్ 38బి కింద మీకుంది. నోటీసులో ఆ ఒక్క వాక్యం పెట్టించండి.

మీ కేసును తేల్చేది మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ‘సగం సగం’. వ్యాపారం కలిసి చేసి లాభం పంచుకుందామని ఒప్పుకుంటే అది భాగస్వామ్యం. కాగితం మీద రాసుకోకపోయినా చెల్లుతుంది. కానీ మీది రిజిస్టర్ కాని సంస్థ. భాగస్వామ్య చట్టం 1932 సెక్షన్ 69 ప్రకారం, భాగస్వామ్యం నడుస్తుండగా ‘ఫలానా రీల్ డబ్బు ఇప్పించండి’ అని భాగస్వామి మీద దావా వేస్తే కొట్టేస్తారు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అదే సెక్షన్ ఒక దారి తెరిచి ఉంచింది: భాగస్వామ్యాన్ని రద్దు చేసి లెక్కలు చెప్పమని అడిగే దావాకు ఆ అడ్డు లేదు. గడువు పెట్టుకోని భాగస్వామ్యం కాబట్టి, సెక్షన్ 43 కింద రాతపూర్వక నోటీసు ఇస్తే చాలు, రద్దవుతుంది. ఎనిమిది ప్రకటనలకు ఎంతొచ్చిందో మీకు తెలియదు కాబట్టి లెక్కల దావాయే మీకు తగినది. ముందు లెక్కలు చెప్పమని ప్రాథమిక డిక్రీ ఇస్తారు, మొత్తం తేలాక తుది డిక్రీ. బ్రాండ్లు చెల్లించిన కాగితాలు తెప్పించమని కోర్టునే అడగవచ్చు.

ఒప్పందం ఉందనడానికి రుజువేది? మీరు జతచేసిన వాట్సాప్ సందేశం స్క్రీన్‌షాట్‌గా మాత్రమే ఉంది. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేశానన్నారు. రెండున్నరేళ్ల వ్యాపార ఒప్పందానికి ఉన్న ఒకే ఒక్క రాతను బ్యాకప్ కూడా తీయకుండా ఎవరికో ఇచ్చేస్తారా? భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ కాపీకి రెండు భాగాల ధ్రువపత్రం కావాలి. మొదటిది మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య, అందులో రాయాలి. స్క్రీన్‌షాట్‌కూ అది తీసుకోవచ్చు గానీ, ‘ఇది తయారుచేసిన బొమ్మ’ అని ఆమె అంటే దాన్ని నిలబెట్టడం కష్టం. పాత నంబరు మీద క్లౌడ్ బ్యాకప్ ఉందేమో వెంటనే చూడండి.

మిమ్మల్ని కాపాడేవి మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని మూడు వరుసలు. ఆమె యూపీఐ నుంచి 9,000, మళ్లీ 9,000, తర్వాత 12,000. ఆ రోజుల్లోనే ‘పద్దెనిమిది వచ్చాయి’, ‘ఇరవై నాలుగు పడ్డాయి’ అని ఆమె పెట్టిన సందేశాలు మీ దగ్గర ఉన్నాయి. ఆ అంకెల్లో సరిగ్గా సగం మీకు చేరింది. జీతమైతే ప్రతిసారీ సగమే ఎందుకవుతుంది? సహాయమైతే ప్రకటన డబ్బు వచ్చిన వారంలోనే ఎందుకొస్తుంది? మాటతో కుదిరిన ఒప్పందాన్ని నడవడికే బయటపెడుతుంది. ఆ స్టేట్‌మెంట్‌ను బ్యాంకు ముద్ర, ధృవీకరణతో తీసుకోండి, దాని విలువ స్క్రీన్‌షాట్‌కి లేదు.

ఇక గడువు. రద్దయిన భాగస్వామ్యం లెక్కలకు, కాలపరిమితి చట్టం 1963 ప్రకారం రద్దయిన తేదీ నుంచి మూడేళ్లు. ఆమె మిమ్మల్ని తీసేసిన 2025 ఆగస్టులోనే రద్దయిందని వాదించవచ్చు, అప్పుడు 2028 ఆగస్టు. అసలు భాగస్వామ్యమే లేదు, మామూలు బాకీ అంటే ఒక్కో చెల్లింపు ఆమెకు అందిన రోజు నుంచి మూడేళ్లు విడివిడిగా లెక్కపడుతుంది. మీకు ఎగ్గొట్టిన మొదటి డబ్బు 2024 జనవరిలో వచ్చిందన్నారు. కాబట్టి 2027 జనవరిలో ఆ తేదీ దాటకముందే దావా వేయండి. ‘చూద్దాంలే, మనసు మార్చుకుంటుందేమో’ అని ఎదురుచూస్తే చేజారేది ఆ మొదటి డబ్బే.

చేయాల్సింది ఇది. లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి: భాగస్వామ్యం రద్దు చేస్తున్నాను, 15 రోజుల్లో ఎనిమిది ప్రకటనల లెక్క చెప్పండి, నా వాటా ఇవ్వండి, రీల్స్ చెరపకండి. చివరి మాట వదలొద్దు. నోటీసు చేరాక ఆమె రీల్స్ చెరిపేస్తే సాక్ష్యం నాశనం చేసిందని కోర్టుకు చూపించవచ్చు. జవాబు రాకపోతే గుంటూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. దావాకు ముందే లోక్ అదాలత్‌లో పెట్టించండి, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది. వెళ్లేటప్పుడు స్టేట్‌మెంట్, చాట్, ఒక కాగితం మీద పదకొండు రీల్స్ పేర్లు, తేదీలు, బ్రాండ్లు, ఆమె చెప్పిన మొత్తాలు రాసుకుని తీసుకెళ్లండి. ఆ కాగితం మీరే రాయండి. అవి మీకంటే బాగా గుర్తున్నవాళ్లు ఎవరూ లేరు.