వడ్ల గది, పశువుల కొట్టం ఒకే గోడకు కట్టొచ్చా?

వరంగల్ దగ్గర పొలంలో చిన్న ఇల్లు కడుతున్నాం. ఖర్చు తగ్గుతుందని కొట్టానికి, వడ్ల గదికి ఒకటే గోడ పెడితే ఏమవుతుంది?

ఆ గోడ తేమ పీల్చి, దానికి ఆనిన బస్తాలను బూజు పట్టిస్తుంది, కాబట్టి వద్దు. పశువుల మూత్రం, కడిగిన నీళ్లు గోడ అడుగు నుంచి ఇటుకల్లోకి పాకుతాయి. నీరు ఆరినా మూత్రంలోని లవణాలు ఇటుకలోనే మిగిలి, వానాకాలం గాలిలోని తేమను మళ్లీ లాగుతాయి. గోడ కింది భాగంలో తెల్లటి పొర లేచి సున్నం రాలుతుంటే అదే గుర్తు.

ఉదాహరణకు నాలుగు పశువులు, 40 కిలోల బస్తాలు 75 ఉన్న ఇల్లు అనుకుందాం. పన్నెండు అడుగులకు పది అడుగుల గది చాలు. చుట్టూ అడుగు ఖాళీ వదిలి, చెక్కల మీద ఆరు వరుసలు పేర్చితే అన్నీ పడతాయి. గది నేల బయటి నేల కన్నా రెండడుగులు ఎత్తుండాలి. గది తలుపు కల్లం వైపు పెడితే ఎండిన వడ్లు నేరుగా లోపలికి వెళ్తాయి. కల్లం వాలు మాత్రం గదికి ఎదురు దిక్కుకు. కొట్టం కల్లానికి అవతల, పల్లం వైపు ఉండాలి. దాని కాలువ పెంటకుప్ప దగ్గరికి పోవాలి.

సిమెంటు పూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పూత తేమను ఆపదు, ఇంకాస్త పైకి ఎక్కిస్తుంది అంతే. ఇక వడ్లలోనే తేమ 14 శాతం దాటి ఉంటే, గది ఎంత బాగున్నా బస్తాలు వేడెక్కుతాయి.